పదకొండు నెలల ఇల్లు, పన్నెండు నెలల ఇంటర్నెట్

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా అద్దె ఇంటి అగ్రిమెంటు అంటే మామూలుగా 11 నెలలే. ఆ ఇంట్లో సామాను సర్దుకోకముందే తలుపు తట్టే ఇంటర్నెట్ కుర్రాడు చూపించే ‘బెస్ట్ ప్లాన్’ మాత్రం చాలాసార్లు 12 నెలలది. “ఏడాదికి ఒకేసారి కట్టేయండి మేడం. ఒక నెల ఫ్రీ, ఇన్‌స్టలేషన్ ఫ్రీ, రౌటర్ ఫ్రీ” అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఈలోగా ఓనరు ఇల్లు ఖాళీ చేయమంటే ఏమవుతుందన్న సంగతి మాత్రం అతను చెప్పడు, మనమూ అడగం.

ప్లాన్ షరతుల్లో మన జేబుకు తగిలేవి ముఖ్యంగా మూడు. ఎంత డేటా వాడాక వేగం తగ్గిస్తారన్నది మొదటిది. దాన్నే ఎఫ్‌యూపీ అంటారు. ఎన్నాళ్లు కదలకుండా ఉండాలన్నది రెండోది, అంటే లాక్-ఇన్. ముందే వెళ్లిపోతే ఏం వసూలు చేస్తారన్నది మూడోది. ఈ మూడూ షరతుల పేజీలో వేర్వేరు చోట్ల ఉంటాయి కాబట్టి వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మూడూ ఒకే లెక్కలో కలుస్తాయి. ఆ లెక్క ఎలా వేయాలో ఇంటి ఫైబర్ కనెక్షన్ మీదే చూద్దాం.

ముందు ‘ఫ్రీ’ సంగతి. వీధిలో స్తంభం మీది డబ్బా నుంచి మన హాలు దాకా ఫైబర్ లాగాలి. దాన్ని అతికించడానికి మనిషి రావాలి. లోపల ఓఎన్‌టీ అనే పెట్టె పెట్టాలి. మనం రౌటర్ అని పిలుస్తున్నది చాలా ఇళ్లలో అదే. ఇదంతా కంపెనీకి మొదటి రోజే అయ్యే ఖర్చు. దాన్ని మన దగ్గర ముందే తీసుకోకపోతే నెలనెలా వచ్చే అద్దెలోంచి రాబట్టుకోవాలి. మధ్యలో మనం వెళ్లిపోతే ఆ రాబడి ఆగిపోతుంది. లాక్-ఇన్ పుట్టింది అక్కడే. కాబట్టి లాక్-ఇన్ ఉన్న ప్లాన్ అంతా మోసమనడం సరికాదు. మనకిచ్చిన రాయితీకి అది తాకట్టు. ఆ తాకట్టు ఎంతకి, ఎన్నాళ్లకి అన్నదే మనం చూసుకోవాల్సింది.

ఒక ఇల్లు అనుకుందాం. నెలకు 699 రూపాయల ప్లాన్, 100 ఎంబీపీఎస్. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 825 అవుతుంది. (పాంప్లెట్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది 699, కట్టేది 825.) ఇందులో రెండు దారులు. మొదటి దారిలో నెలనెలా కట్టుకోవచ్చు, లాక్-ఇన్ లేదు, కానీ ఇన్‌స్టలేషన్‌కు 1500, జీఎస్టీతో 1770 ముందే కట్టాలి. రెండో దారిలో 12 నెలల డబ్బు 9,900 ఒకేసారి కట్టాలి. ఇన్‌స్టలేషన్ ఉచితం, 13వ నెల కూడా ఉచితం. ఈ అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. మీ పాంప్లెట్‌లోవి వీటి బదులు పెట్టుకుంటే చాలు.

13 నెలలూ ఆ ఇంట్లోనే ఉంటే రెండో దారిలో అయ్యేది 9,900. మొదటి దారిలో 13 నెలల అద్దె 10,725, దానికి 1770 కలిపితే 12,495. అంటే ఏడాది ప్లాన్ వల్ల 2,595 రూపాయలు మిగిలాయి. ఆ కుర్రాడు చెప్పింది నిజమే.

ఇప్పుడు ఓనరు గారి అబ్బాయి అమెరికా నుంచి తిరిగొచ్చేశాడు, ఎనిమిదో నెల చివర ఇల్లు ఖాళీ చేయాలి అనుకోండి. మొదటి దారిలో అప్పటికి అయిన ఖర్చు 6,600కి 1770 కలిపి 8,370. రెండో దారిలో కట్టేసిన 9,900 తిరిగి రాదు. అంటే 1,530 నష్టం. ఇంతవరకు ఎవరైనా ఊహిస్తారు. కానీ కొన్ని ప్లాన్లలో ఇంకో వాక్యం ఉంటుంది: లాక్-ఇన్ పూర్తి కాకుండా కనెక్షన్ వదులుకుంటే, మాఫీ చేసిన ఇన్‌స్టలేషన్ చార్జీని తిరిగి వసూలు చేస్తామని. ఆ వాక్యం ఉంటే 9,900కి 1770 కలిసి 11,670 అవుతుంది. నష్టం 3,300కి చేరింది.

అగ్రిమెంటు ప్రకారమే పూర్తిగా 11 నెలలు ఉండి వెళ్లారనుకోండి, అప్పుడు అసలు తమాషా. నెలనెలా కట్టుకున్నవారికి అయ్యేది 10,845. ఏడాది ప్లాన్ వారికి ఆ వాక్యం లేకపోతే 9,900. అంటే 945 లాభం. ఆ వాక్యం ఉంటే 11,670. అంటే 825 నష్టం. ప్లాన్ అదే, ఇల్లు అదే, ఉన్న నెలలూ అవే. షరతుల్లోని ఒక్క వాక్యం లాభాన్ని నష్టం చేసింది. అద్దె అగ్రిమెంటుకూ ఇంటర్నెట్ లాక్-ఇన్‌కూ మధ్య ఉన్న ఆ ఒక్క నెల తేడాకు అంత ఖరీదు.

మరి ఆ వాక్యాన్ని ఎక్కడ వెతకాలి? పాంప్లెట్ మీద ఉండదు. యాప్‌లో ప్లాన్ కింద చిన్న అక్షరాల్లో ఉండే ‘Terms and Conditions’ లింకు నొక్కాలి. అక్కడ పేజీలకు పేజీల ఇంగ్లిష్ ఉంటుంది కానీ అంతా చదవనక్కర్లేదు. ఫోన్‌లోనే ఆ పేజీలో వెతికే సదుపాయం ఉంటుంది కదా, అందులో కొన్ని మాటలు కొట్టి చూడండి. ‘lock-in’ లేదా ‘minimum’ అని కొడితే గడువు దొరుకుతుంది. ‘waive’ అని కొడితే మాఫీ చేసినవేవో, వాటిని ఎప్పుడు తిరిగి అడుగుతారో తెలుస్తుంది. ‘refund’ అని కొడితే ముందు కట్టిన డబ్బు గతి తెలుస్తుంది. ‘terminat’ అని సగం మాట కొట్టినా చాలు, ఆ మాటతో మొదలయ్యేవన్నీ బయటికొస్తాయి.

‘refund’ దగ్గర కాస్త నిలబడి చదవాలి. కొన్ని కంపెనీలు వాడని నెలల డబ్బు అసలివ్వవు. కొన్ని ఇస్తాయి కానీ, వాడిన నెలలకు రాయితీ ధర కాకుండా మామూలు నెలవారీ ధర వేసి, మిగిలింది ఇస్తాయి. ఇది అంత అన్యాయమేమీ కాదు. మన లెక్కలో ఎనిమిది నెలలకు మామూలు ధరన 6,600 పట్టుకుని, ఇన్‌స్టలేషన్ 1770 కూడా మినహాయించుకుని, మిగతా 1,530 తిరిగి ఇచ్చే కంపెనీ దొరికితే మనం నెలనెలా కట్టుకున్న చోటికే వచ్చాం. అలాంటి షరతున్న ఏడాది ప్లాన్‌కు అద్దె ఇంటివాళ్లు కూడా భయపడక్కర్లేదు.

రౌటర్ సంగతి వేరే చూడాలి. ‘ఫ్రీ రౌటర్’ అంటే మూడు అర్థాలుండొచ్చు. మనకు సొంతంగా ఇచ్చేశారా, వాడుకోవడానికి ఇచ్చి వెళ్లేటప్పుడు తీసుకుంటారా, తిరిగిచ్చే డిపాజిట్ మీద ఇచ్చారా? ఎక్కువగా రెండోదే. అంటే వెళ్లేరోజు ఆ పెట్టె పనిచేసే స్థితిలో అప్పగించాలి, దాని అడాప్టర్‌తో సహా. లేకపోతే ఎంత కట్టాలో షరతుల్లో ఉంటుంది. మన దగ్గర వానాకాలం పిడుగులకు ఈ పెట్టెలు పోవడం మామూలే. ఫైబర్ గాజు తీగ కాబట్టి దాంట్లోంచి కరెంటు రాదు. ప్లగ్గులోంచీ, రాగి లాన్ కేబుల్ ద్వారానూ వస్తుంది. అలా పోతే అది ‘damage’ కిందికి వస్తుందా, కంపెనీ మార్చి ఇస్తుందా అన్నది పెట్టె బిగించే రోజే అడగాలి. అదే రోజు పెట్టె అడుగున ఉండే సీరియల్ నంబరు స్టిక్కర్‌ను ఫొటో తీసి ఉంచుకుంటే, తర్వాత ‘మీరిచ్చింది వేరే పెట్టె’ అన్న వాదన రాదు.

ఇల్లు మారుతున్నామంటే కనెక్షన్ మానేయడమే దారి కాదు. షిఫ్టింగ్ అడగొచ్చు, అదే అకౌంటు, అదే లాక్-ఇన్, కొత్త చిరునామా. దానికో చార్జీ ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. చిక్కు ఎక్కడంటే, కొత్త ఇంటి వీధిలో ఆ కంపెనీ లైనే లేకపోతే. అప్పుడు మనం వదిలేసినట్టా, వాళ్లు ఇవ్వలేకపోయినట్టా? చాలా షరతుల పేజీలు దీనిమీద నోరు విప్పవు. నా దృష్టిలో డబ్బు కట్టేముందు అడిగి తీరాల్సిన ప్రశ్న ఇదొక్కటే: “కొత్త చోట మీ లైన్ లేకపోతే ఎగ్జిట్ చార్జీ వేస్తారా?” జవాబు నోటిమాటగా కాకుండా కంపెనీ మెయిల్‌లోనో చాట్‌లోనో తెప్పించుకోవాలి. తలుపు దగ్గరి కుర్రాడు ఆర్నెల్లకు వేరే కంపెనీలో ఉంటాడు, మెయిల్ మాత్రం మన దగ్గరే ఉంటుంది. రెండు మూడు నెలలు ఊరెళుతున్నవారికి ఇంకో వెసులుబాటు ఉంది. కనెక్షన్‌ను కొన్నాళ్లు ఆపి ఉంచే పద్ధతిని కొన్ని కంపెనీలు సేఫ్ కస్టడీ అంటాయి. ఆ ఆపిన నెలలు లాక్-ఇన్‌లో లెక్కకొస్తాయా, లాక్-ఇన్ అంతమేరకు ముందుకు జరుగుతుందా అన్నది చూసుకోండి.

ఏడాది కట్టుబడ్డాం సరే, దేనికి కట్టుబడ్డాం? ఎఫ్‌యూపీ చూడాల్సింది ఇక్కడ. లాక్-ఇన్ లేని ప్లాన్‌లో డేటా పరిమితి చిన్నదని తేలితే వచ్చే నెలే మారిపోవచ్చు. ఏడాది కట్టేశాక తేలితే ఏడాదంతా భరించాలి.

‘అన్‌లిమిటెడ్’ అనే ఇంటి ప్లాన్లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించే అంకె నెలకు 3300 జీబీ. అంటే రోజుకు 110 జీబీ. మంచి నాణ్యతలో సినిమా చూస్తే గంటకు సుమారు 3 జీబీ అవుతుంది. కాబట్టి రోజులో 24 గంటలూ ఒక టీవీ ఆడినా ఇంకా మిగులుతుంది. మామూలు కుటుంబం ఈ పరిమితిని తాకడం అరుదు. దాన్ని చూసి బెదిరిపోనవసరం లేదు. ఊళ్లలోని చిన్న ఆపరేటర్ల చవక ప్లాన్లలో మాత్రం పరిమితి ఇందులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. అక్కడ లెక్క వేయాల్సిందే.

పెద్ద పరిమితినీ తినేసేది ఒకటుంది, దాన్ని ఎవరూ అనుమానించరు. ఇంటి ముందు పెట్టుకున్న సీసీ కెమెరా. రికార్డింగు ఇంట్లో ఉన్న డీవీఆర్ పెట్టెలోకి వెళితే ఇంటర్నెట్ ఖర్చు దాదాపు ఉండదు. ఫోన్‌లో చూసినప్పుడే కాస్త. కానీ రాత్రీ పగలూ క్లౌడ్‌లోకి పంపే కెమెరా అయితే, 2 ఎంబీపీఎస్ వేగంతో పంపినా రోజుకు 21.6 జీబీ, నెలకు దాదాపు 650 జీబీ. అలాంటివి మూడుంటే నెలకు 1,950 జీబీ దగ్గరికి పోతుంది. మనం పంపేదీ, మనకు వచ్చేదీ రెండూ కలిపి లెక్కేస్తారా అన్నది అందుకే చూడాలి. షరతుల్లో ‘upload and download’ అని ఉంటే రెండూ లెక్కే. నెల మధ్యలో ఇంటర్నెట్ హఠాత్తుగా నత్తనడక పడితే, లైన్‌మన్‌కు ఫోన్ చేసేముందు కంపెనీ యాప్‌లో ఆ నెల వాడకం చూడండి. పరిమితి దాటి ఉంటే తప్పు తీగలో లేదు.

పరిమితి అంకె కంటే ముఖ్యమైనది దాని పక్కనుండే రెండో అంకె, పరిమితి దాటాక ఇచ్చే వేగం. షరతుల్లో దాన్ని ‘post FUP speed’ అంటారు. 4 ఎంబీపీఎస్ అంటే ఒక టీవీలో సినిమా ఆడుతుంది. 2 ఎంబీపీఎస్ అంటే ఒక జీబీ దిగడానికి గంటకు పైగా పడుతుంది. పిల్లల క్లాసు కష్టం మీద నడుస్తుంది, ఇద్దరు ఒకేసారి చూడలేరు. 512 కేబీపీఎస్ అంటే మెయిలూ వాట్సాప్ మాత్రమే అనుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 అక్టోబరులో ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలకు రెండు కట్టడులు పెట్టింది. ఏ ప్లాన్‌లోనైనా వేగం 512 కేబీపీఎస్ కంటే కిందికి దించకూడదన్నది ఒకటి. వాడకం సగానికి, 90 శాతానికి, నూరు శాతానికి చేరిన ప్రతిసారీ మెసేజో మెయిలో పంపాలన్నది రెండోది. ఆ తర్వాత 2023 జనవరిలో టెలికాం శాఖ బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనాన్నే కనీసం 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. ఆ మెసేజులు మీకు రావడం లేదంటే కనెక్షన్ ఎవరి నంబరు మీద ఉందో చూడండి. అద్దె ఇళ్లలో తరచూ పాత కిరాయిదారు నంబరో, బిగించిన ఆపరేటరు నంబరో ఉంటుంది.

ఎఫ్‌యూపీ కింద ఇంకో వాక్యముంటుంది, అంకెలు లేనిది: ఇల్లు కాక వ్యాపారానికి వాడుతున్నట్టు అనిపిస్తే వేగం తగ్గిస్తాం, కనెక్షన్ తీసేస్తాం అని. పక్కింటితో వైఫై పంచుకుని చెరిసగం కట్టుకునేవారికీ, ఇంటి ప్లాన్ తీసుకుని 20 మంది ఉన్న హాస్టల్ నడిపేవారికీ తగిలేది ఇదే. 3300 జీబీ దాటకపోయినా దీన్ని చూపించవచ్చు.

మొబైల్ విషయం దీనికంటే తేలిక. ప్రీపెయిడ్‌లో రోజుకు 1.5 జీబీ, 2 జీబీ అన్నవి అయిపోయాక వేగం మామూలుగా 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంలో ఒక ఎంబీ ఫొటోకు రెండు నిమిషాలు, ఒక జీబీకి 35 గంటల దాకా పడుతుంది. చేతిలో నెట్ ‘ఉంది’ కానీ లేనట్టే. ప్రీపెయిడ్‌లో లాక్-ఇన్ ఉండదు. నంబరు మార్చకుండా వేరే కంపెనీకి పోర్ట్ అవ్వాలంటే మాత్రం ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తవ్వాలి. పోస్ట్‌పెయిడ్‌లో అయితే బాకీ బిల్లు తీర్చాలి, కంపెనీతో ఇంకా గడువున్న ఒప్పందమేదీ ఉండకూడదు. ఫోనో మరేదైనా రాయితీ మీద తీసుకుని ఇన్నాళ్లుంటామని సంతకం పెట్టినవారి పోర్టింగ్ అభ్యర్థన తిరస్కరించడానికి ఆ ఒప్పందమే కారణమవుతుంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు ఇలాంటి పోర్టింగ్ సదుపాయమే లేదు; పాతది మూయించి కొత్తది పెట్టించుకోవాల్సిందే.

లాక్-ఇన్ మనల్ని కట్టిపడేస్తే కంపెనీని కట్టిపడేసేది ఏదీ లేదా? ఉంది. ప్లాన్‌లో చేరిన రోజు నుంచి ఆరు నెలలపాటు ధర పెంచకూడదని ట్రాయ్ నిబంధన. ముందే మొత్తం కట్టించుకున్న ప్లాన్ అయితే ఆ గడువు పూర్తయ్యేదాకా పెంచకూడదు. డేటా పరిమితి, అది దాటాక వేగం, డిపాజిట్, ఇతర చార్జీలు దాచకుండా చెప్పాలని 2020 సెప్టెంబరులో మరో ఆదేశం ఇచ్చింది. కంపెనీలు ట్రాయ్‌కు సమర్పించిన ప్లాన్లను `tariff.trai.gov.in`లో ఎవరైనా చూడొచ్చు. తలుపు దగ్గర చెప్పిన ప్లాన్ అక్కడ లేకపోతే అది ఆ ఏజెంటు సొంత కల్పన కావచ్చు, డబ్బు కట్టకండి.

సంతకం పెట్టేశాం, ఇప్పుడు వెళ్లిపోవాలి. అప్పుడు ముందుగా రాతపూర్వకంగా క్లోజింగ్ అభ్యర్థన పెట్టి నంబరు తీసుకోవాలి. కొన్ని ప్లాన్లలో బిల్లు మీరు అడిగిన రోజుతో ఆగదు, పెట్టె వాళ్ల చేతికి చేరిన రోజుతో ఆగుతుంది. పెట్టె తీసుకెళ్లే మనిషి రాకపోతే రెండు మూడు రోజులకోసారి మెయిల్ పెడుతూ ఉండండి; ఆలస్యం ఎవరిదో ఆ మెయిళ్లే చెబుతాయి. పెట్టె ఇచ్చినప్పుడు సీరియల్ నంబరుతో రసీదు, లెక్క తేలాక ‘బాకీ లేదు’ అన్న మెయిల్ తీసుకోవాలి. యూపీఐ ఆటోపే ఉంటే దాన్ని విడిగా రద్దు చేయాలి. కనెక్షన్ మూతపడినంత మాత్రాన ఆటోపే దానంతటదే పోతుందని అనుకోవద్దు.

ఎగ్జిట్ చార్జీ షరతుల్లో లేనిదైనా, లైన్ సరిగా పనిచేయక వెళ్లిపోతుంటే వేసినదైనా ఒప్పుకోనక్కర్లేదు. దీనికి సాక్ష్యం పాత ఫిర్యాదుల నంబర్లే. అందుకే నెట్ పోయిన ప్రతిసారీ లైన్‌మన్‌కు నేరుగా ఫోన్ చేసి పని జరిపించుకోవడం అలవాటైనవాళ్లు చివర్లో ఇబ్బంది పడతారు. కంపెనీ రికార్డులో వాళ్ల లైన్ ఎప్పుడూ చెడలేదు. ఫిర్యాదు ముందు కంపెనీ కాల్‌సెంటర్‌కు వెళ్లాలి. తృప్తి లేకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలోని అప్పీలు అధికారికి పంపాలి, ఆయన 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ విడివిడి వినియోగదారుల తగాదాలు తీర్చదు. 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది.

ఆపైన వినియోగదారుల కమిషన్. టెలికాం తగాదాలు అక్కడ చెల్లవని కంపెనీలు చాలాకాలం వాదించాయి. చెల్లుతాయని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం, జరిగిన నష్టానికి ఏమాత్రం పొంతన లేని జరిమానా వేసే ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందంగా పరిగణిస్తుంది. 1500 రూపాయల ఇన్‌స్టలేషన్ మాఫీ చేసి, వెళ్లేటప్పుడు మిగిలిన నెలల అద్దె మొత్తం కట్టమంటే ఆ మాట ఎత్తవచ్చు. ఇక్కడో మెలిక ఉంది. ఒప్పందమే అన్యాయమని వాదించాలంటే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. సేవలో లోపమో, షరతుల్లో లేని వసూలో అయితే జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. మూడు వేల రూపాయల గొడవకు జిల్లాలోనే ఫిర్యాదు వేసి, అందులో లైన్ చెడిన తేదీలూ, ఫిర్యాదు నంబర్లూ, పెట్టె రసీదూ జతచేయడం తేలికైన దారి.